మధ్యలో అతికించిన ప్లేట్లు దూలాన్ని ఎంత ఆపుతాయి?

పెద్ద మోటార్లు, డీజిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డులోకి వెళ్లి తలెత్తి చూస్తే, రెండు గోడల మీదుగానో రెండు స్తంభాల మీదుగానో అడ్డంగా ఒక ఇనుప దూలం కనిపిస్తుంది. దాని నడుమ నుంచి చైన్ బ్లాక్ వేలాడుతుంటుంది. షెడ్డు పెట్టిన కొత్తలో నాలుగు టన్నుల మోటార్లు ఎత్తితే సరిపోయేది. తర్వాత పని పెరిగి, ఎనిమిది టన్నులు ఎత్తాల్సి వస్తుంది. దూలం మార్చాలంటే పైకప్పు విప్పాలి. అందుకని చాలామంది దూలం పైన, కింద మందపాటి ఇనుప ప్లేట్లు వెల్డింగ్ చేయిస్తారు. అదీ ఈ చివర నుంచి ఆ చివర దాకా కాకుండా మధ్య భాగంలోనే. వీటినే కవర్ ప్లేట్లు అంటారు.

మధ్యలోనే ఎందుకో చెప్పడం తేలిక. నడుమ వేలాడే బరువు దూలాన్ని వంచే ప్రయత్నం, అంటే బెండింగ్ మొమెంట్, చివర్లలో సున్నా. అక్కడి నుంచి తిన్నగా పెరుగుతూ వచ్చి నడుమ గరిష్ఠమవుతుంది. అసలు ప్రశ్న ఆ తర్వాత వస్తుంది. ఇలా అతుకులు పడ్డ దూలం నడుమ ఎంత కిందికి దిగుతుంది? పాఠ్యపుస్తకంలో అందరూ నేర్చుకునే సూత్రం PL³/48EI ఇక్కడ పనికిరాదు. దూలం పొడవునా EI ఒకటే అయినప్పుడే అది చెల్లుతుంది. E అంటే ఉక్కుకు సహజంగా ఉండే బిగువు. I అంటే అడ్డకోత ఆకారం వల్ల వచ్చే బలం. రెండూ గుణిస్తే వంగకుండా ఎదురునిలిచే శక్తి వస్తుంది. మన దూలంలో ఆ శక్తి చివర్లలో ఒకటి, మధ్యలో మరొకటి. ఒకచోట ఉన్నట్టుండి మెట్టెక్కినట్టు మారిపోతుంది.

ఇలాంటి చోట నాకు అన్నిటికన్నా ఇష్టమైన దారి మొమెంట్ ఏరియా పద్ధతి. ఇది ఒక బొమ్మ గీసి, దాని వైశాల్యం కొలిచి, జవాబు చెబుతుంది. జర్మనీలో రైల్వే వంతెనల మీద పనిచేసి తర్వాత ప్రొఫెసరైన క్రిస్టియన్ ఒట్టో మోర్ 1868లో దీనికి పునాది వేశారు. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ గ్రీన్ 1870ల్లో దీన్ని ఇప్పుడు మనం వాడే రూపానికి తెచ్చారు.

లెక్కకు దూలాన్ని ఇలా తీసుకుందాం. పొడవు 6 మీటర్లు. 300 మిల్లీమీటర్ల ఎత్తున్న ఐఎస్ఎంబీ 300 సెక్షన్. ఉక్కు పట్టికల్లో దీని I సుమారు 8,600 సెం.మీ.⁴ అని ఉంటుంది. పైన, కింద 110 మిల్లీమీటర్ల వెడల్పు, 16 మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లేటు ఒక్కొక్కటి పెడదాం. దూలం ఫ్లాంజి వెడల్పు 140 మిల్లీమీటర్లు కాబట్టి, ప్లేటుకు రెండు పక్కలా వెల్డింగుకు 15 మిల్లీమీటర్ల చొప్పున చోటు మిగులుతుంది. ఈ రెండు ప్లేట్లూ తటస్థ అక్షానికి దూరంగా ఉండటం వల్ల అదనంగా ఇచ్చే I దాదాపు 8,800 సెం.మీ.⁴. అంటే ప్లేట్లున్న చోట దూలం బిగువు దాదాపు రెట్టింపు. లెక్క సులువుకు సరిగ్గా రెట్టింపు అనుకుందాం. ప్లేట్లు మధ్య 3 మీటర్లకే ఉన్నాయి. రెండు చివర్లా ఒకటిన్నర మీటరు చొప్పున ఉత్త దూలమే. నడుమ వేలాడే బరువు 80 కిలోన్యూటన్లు, అంటే సుమారు ఎనిమిది టన్నులు.

ఉక్కు E విలువను చదరపు మీటరుకు 20 కోట్ల కిలోన్యూటన్లుగా తీసుకుంటే, ఉత్త భాగంలో EI 17,200, ప్లేట్లున్న భాగంలో 34,400 కిలోన్యూటన్-చదరపు మీటర్లు. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. సెం.మీ.⁴ను మీ.⁴లోకి మార్చడానికి పది కోట్లతో భాగించాలి. ఒక్క సున్నా జారిందంటే జవాబు పదింతలు తప్పుతుంది.

ఇప్పుడు అసలు ఆలోచన. దూలాన్ని చిన్న చిన్న ముక్కలుగా ఊహించండి. ప్రతి ముక్కా తన మీద పడ్డ మొమెంటుకు తగ్గట్టు, తన బిగువుకు లోబడి, కాస్తంత వంగుతుంది. ఆ ముక్క వంపు M/EI. అంటే మొమెంటును బిగువుతో భాగించగా వచ్చేది. రెండు బిందువుల మధ్య ఉన్న ముక్కల వంపులన్నీ కూడితే, ఆ రెండు చోట్లా దూలం వాలులో ఎంత తేడా వచ్చిందో తెలుస్తుంది. M/EI బొమ్మ గీస్తే ఆ కూడిక బొమ్మ వైశాల్యమే. ఇది మొదటి సిద్ధాంతం.

రెండోది ఇంకాస్త లోతైనది. ఒక ముక్క కొద్దిగా తిరిగితే, దానికి అవతల ఉన్న దూలమంతా ఆ ముక్కతో పాటే తిరుగుతుంది. తలుపు బందు దగ్గర వేలెడు తిరిగితే, తలుపు అంచు జానెడు కదులుతుంది కదా. ఆ అంచు బందుకు ఎంత దూరంగా ఉంటే అంత ఎక్కువ కదులుతుంది. కాబట్టి ఒక ముక్క వంపు, దూలం చివరను ఎంత లేపుతుందన్నది ఆ ముక్క నుంచి చివరకు ఉన్న దూరం మీద ఆధారపడుతుంది. వంపును ఆ దూరంతో గుణించి, ముక్కలన్నిటికీ కూడాలి. మరో మాటలో చెప్పాలంటే, M/EI బొమ్మ వైశాల్యాన్ని, దాని గురుత్వ కేంద్రం ఆ చివర నుంచి ఎంత దూరంలో ఉందో ఆ దూరంతో గుణిస్తే చాలు. ఒక బిందువు దగ్గర దూలానికి గీసిన స్పర్శరేఖ నుంచి మరో బిందువు ఎంత తొలగిందో దీనితో తెలుస్తుంది.

మన దూలానికి ఇది ఎంత చక్కగా అమరుతుందో చూడండి. బరువు నడుమ ఉంది. ప్లేట్లు రెండు పక్కలా సమానంగా ఉన్నాయి. కనుక వంగిన తర్వాత కూడా నడిమధ్యన దూలం వాలు సున్నాయే, అక్కడి స్పర్శరేఖ నేలకు సమాంతరం. ఆ గీత నుంచి ఆనుడు దగ్గరి చివర ఎంత పైకి ఉందో, నడుమ అంత కిందికి దిగినట్టే. కాబట్టి సగం దూలం చాలు. ఎడమ ఆనుడు నుంచి నడిమధ్య దాకా ఉన్న M/EI బొమ్మను తీసుకుని, దూరాలన్నీ ఆనుడు నుంచే కొలిస్తే సరి.

ముందు మొమెంట్. ఒక్కో ఆనుడు మీద పడే భారం 40 కిలోన్యూటన్లు. ఆనుడు నుంచి ఒకటిన్నర మీటరు దగ్గర, సరిగ్గా ప్లేటు మొదలయ్యే చోట, మొమెంట్ 60 కిలోన్యూటన్-మీటర్లు. నడిమధ్యన 120. ఇప్పుడు వీటిని EIతో భాగించాలి. ప్లేటు మొదలయ్యే చోటుకు ఒక వెంట్రుకవాసి ఇవతల 60ని 17,200తో భాగిస్తే, మీటరుకు 3.49 మిల్లీరేడియన్లు వస్తుంది. ఒక మిల్లీరేడియన్ అంటే మీటరు దూరాన ఒక మిల్లీమీటరు లేపేంత కోణం. ఈ కొలతలో పనిచేస్తే ఆఖరున జవాబు నేరుగా మిల్లీమీటర్లలో వస్తుంది. వెంట్రుకవాసి అవతల అదే 60ని 34,400తో భాగించాలి కాబట్టి వంపు ఒక్కసారిగా సగానికి, 1.74కు పడిపోతుంది. అక్కడి నుంచి మళ్లీ పెరుగుతూ నడిమధ్యకు వచ్చేసరికి 120ని 34,400తో భాగించగా తిరిగి 3.49. బొమ్మ గీస్తే రంపం పళ్లలా కనిపిస్తుంది.

ఈ ఆకారాన్ని మనసులో బాగా పట్టించుకోవాలి. మొమెంట్ బొమ్మలో ఎక్కడా గెంతు లేదు. దూలం వాలులోనూ గెంతు లేదు, ప్లేటు మొదలయ్యే చోట దూలం విరిగినట్టు మడత పడదు. గెంతేది వంపు ఒక్కటే. చాలామంది ఈ గెంతును నచ్చనట్టు, రెండు కొసల్నీ ఏటవాలు గీతతో కలిపేసి బొమ్మను నున్నగా చేస్తారు. అలా కలిపితే లెక్కలో లేని ఉక్కు దూలంలోకి వచ్చి చేరినట్టే.

ఇక వైశాల్యాలు. ఆనుడు నుంచి ప్లేటు దాకా ఉన్నది త్రిభుజం. అడుగు ఒకటిన్నర మీటరు, ఎత్తు 3.49. వైశాల్యం 2.62. దాని గురుత్వ కేంద్రం ఆనుడు నుంచి అడుగులో మూడింట రెండో వంతు దూరాన, అంటే సరిగ్గా 1 మీటరు దగ్గర. రెండూ గుణిస్తే 2.62 మిల్లీమీటర్లు. ప్లేటున్న భాగం ట్రెపీజియం. దాన్ని ఒక దీర్ఘచతురస్రంగా, దాని మీద ఒక త్రిభుజంగా విడదీయడం మేలు. దీర్ఘచతురస్రం ఎత్తు 1.74, పొడవు ఒకటిన్నర మీటరు, వైశాల్యం 2.62, కేంద్రం 2.25 మీటర్ల దగ్గర. గుణిస్తే 5.89. మీది త్రిభుజం వైశాల్యం 1.31, కేంద్రం 2.5 మీటర్ల దగ్గర. గుణిస్తే 3.27. మూడూ కూడితే 11.8 మిల్లీమీటర్లు. దూలం నడుమ అంత దిగుతుంది.

ఈ జవాబు సరైనదేనా అని ఎలా తెలుసుకోవాలి? మొదటి పరీక్ష రెండు హద్దులు చూసుకోవడం. ప్లేట్లే లేకపోతే పాత సూత్రం ప్రకారం దిగుడు 20.9 మిల్లీమీటర్లు. చివర నుంచి చివర దాకా ప్లేట్లుంటే దానిలో సగం, 10.5. మన దూలం ఈ రెండింటి మధ్యే ఎక్కడో ఉండి తీరాలి. 11.8 ఉంది. బాగుంది.

దూరాలను ఆనుడు నుంచి కాక నడిమధ్య నుంచి కొలిచారనుకోండి. ఇది చాలా తరచుగా జరిగే పొరపాటు. అప్పుడు కూడిక 7.9 వస్తుంది. నిండా ప్లేట్లున్న దూలం కన్నా ఇది తక్కువ దిగినట్టు చెబుతోంది కనుక తప్పని వెంటనే తెలిసిపోతుంది. నిజానికి ఆ 7.9కి కూడా ఒక అర్థముంది. ఆనుడు దగ్గర గీసిన స్పర్శరేఖ నుంచి నడుమ బిందువు తొలగిన దూరం అది. మనం అడిగింది అది కాదు, అంతే. మరో పొరపాటును మాత్రం ఈ హద్దులు పట్టుకోలేవు. సగం పొడవు బలహీనం, సగం రెట్టింపు బలం కాబట్టి సగటున ఒకటిన్నర రెట్లు అనుకుని పాత సూత్రంలో వేసేవాళ్లున్నారు. జవాబు 14 మిల్లీమీటర్లు వస్తుంది. హద్దుల లోపలే ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ అసలు విలువ కన్నా దాదాపు ఐదో వంతు ఎక్కువ.

సగటు ఎందుకు మోసం చేస్తుందో చూస్తే ఈ మొత్తం లెక్కలోని సారం బయటపడుతుంది. చివరి ఒకటిన్నర మీటర్లు పొడవులో సగం దూలానికి సగం. కానీ దిగుడులో వాటి వాటా ఎంత? ప్లేట్లు లేని దూలం తీసుకోండి. ఒక ముక్క వంపు ఆనుడు నుంచి దాని దూరంతో పాటు పెరుగుతుంది. ఆ వంపు దిగుడుకు ఇచ్చే వాటా కూడా మళ్లీ అదే దూరంతో పెరుగుతుంది. రెండు పెరుగుదలలు కలిసి దూరం వర్గంగా మారతాయి. వాటన్నిటినీ కూడితే ఘనమవుతుంది. సగంలో సగం దూరం వరకు ఉన్న భాగం వాటా సగానికి ఘనం, అంటే ఎనిమిదో వంతు మాత్రమే. మిగిలిన ఏడు వంతులూ మధ్య మూడు మీటర్ల నుంచే వస్తాయి. అందుకే సగం పొడవుకే ప్లేట్లు వేసినా, పూర్తి పొడవుకు వేస్తే వచ్చే లాభంలో ఎనిమిదింట ఏడు వంతులు దక్కాయి. 20.9 నుంచి 10.5కు తగ్గాల్సింది 11.8 దాకా తగ్గింది. సగటు తీసేటప్పుడు మనం చివరి ఉక్కుకూ మధ్య ఉక్కుకూ ఒకే విలువ కట్టాం. దూలం అలా కట్టదు.

బరువు నడుమ ఒక్కచోట కాకుండా పొడవునా సమంగా పరచుకుని ఉంటే, మొమెంట్ బొమ్మ త్రిభుజానికి బదులు పరావలయమవుతుంది. అప్పుడు అదే చివరి భాగాల వాటా ఎనిమిదో వంతు నుంచి 16 శాతానికి పెరుగుతుంది. పద్ధతి మాత్రం అదే.

ప్లేట్లు రెండు పక్కలా సమానంగా లేకపోతే కథ కొంత మారుతుంది. ఒక గోడ పక్క పనివాళ్లకు చోటు లేక ఎడమ సగాన్ని ఉత్తగా వదిలేసి, కుడి సగానికే ప్లేట్లు వేశారనుకుందాం. బరువు నడుమనే ఉన్నా, ఇప్పుడు నడిమధ్యన స్పర్శరేఖ అడ్డంగా ఉండదు. ముందు ఎడమ ఆనుడు దగ్గర వాలు కనుక్కోవాలి. అందుకు పూర్తి ఆరు మీటర్ల M/EI బొమ్మ తీసుకుని, కుడి ఆనుడు నుంచి దూరాలు కొలిచి, వచ్చిన తొలగుడును 6తో భాగించాలి. ఇక్కడ ఆ తొలగుడు 52.3 మిల్లీమీటర్లు, వాలు 8.72 మిల్లీరేడియన్లు. ఆ వాలుతో తిన్నగా వెళ్తే నడుమకు 26.2 మిల్లీమీటర్లు దిగాలి. కానీ ఎడమ సగం వంపు దూలాన్ని ఆ గీత నుంచి 10.5 పైకి లాగుతుంది. తేడా 15.7 మిల్లీమీటర్లు. ఉత్త దూలం 20.9, నిండా ప్లేట్ల దూలం 10.5, వీటి నట్టనడుమ. బరువుకు చెరో పక్క సగం చేరో సగం దిగుడు ఇస్తుంది కాబట్టి అలా వచ్చింది. అయితే నడిమధ్య దిగుడు ఇప్పుడు గరిష్ఠం కాదు. అక్కడ దూలం ఇంకా 1.74 మిల్లీరేడియన్ల వాలుతో ఉంది. అత్యంత కిందికి దిగిన చోటు బలహీనమైన ఎడమ సగంలోకి కాస్త జరిగి ఉంటుంది.

మళ్లీ మన సమానమైన దూలానికి వద్దాం. చేత్తో నడిపే క్రేన్ మోసే గర్డర్లకు ఐఎస్ 800: 2007 ప్రమాణం పొడవులో 500వ వంతు దిగుడు అనుమతిస్తుంది. 6 మీటర్లకు 12 మిల్లీమీటర్లు. మనకొచ్చింది 11.8. గట్టెక్కినట్టే కనిపిస్తోంది.

కానీ మొమెంట్ ఏరియా పద్ధతి లెక్కపెట్టేది వంగడం వల్ల వచ్చే దిగుడునే. దూలంలో కోత బలం కూడా పనిచేస్తుంది. దాని వల్ల వెబ్, అంటే నిలువుగా ఉండే పలచని భాగం, పక్కకు ఒరిగినట్టు స్వల్పంగా జారుతుంది. పొడవైన దూలాల్లో దీన్ని పట్టించుకోరు. మనది ఎత్తుకు ఇరవై రెట్లు పొడవే, పైగా ప్లేట్ల వల్ల వంగుడు తగ్గింది కానీ వెబ్ మందం ఏమీ పెరగలేదు. 40 కిలోన్యూటన్ల కోతకు 300 మిల్లీమీటర్ల ఎత్తు, ఏడున్నర మిల్లీమీటర్ల మందం ఉన్న వెబ్ నడిమధ్యకు చేరేసరికి సుమారు 0.7 మిల్లీమీటరు జారుతుంది. రెండూ కలిపితే 12.5. హద్దు దాటిపోయింది. ప్లేట్లతో బిగించిన దూలాల్లో కోత వాటా చిన్నదైనా వదిలేయదగ్గది కాదని నేను గట్టిగా నమ్ముతాను. వంగుడును ఎంత తగ్గిస్తే మిగిలిన దానిలో దీని నిష్పత్తి అంత పెరుగుతుంది.

పరిష్కారం అదే ఘనం లెక్క చూపిస్తుంది. చివర్ల ఒకటిన్నర మీటరుకు బదులు 1 మీటరు మాత్రమే వదలండి. అంటే ప్లేట్లు మధ్య 4 మీటర్లకు పెడదాం. ఆ ఉత్త భాగం వాటా మూడింట ఒక వంతుకు ఘనం, 27వ వంతు. నిండా ప్లేట్ల విలువ 10.5కు దానిలో 27వ వంతు కలిపితే 10.9 మిల్లీమీటర్లు. కోత వల్ల వచ్చే 0.7 కలిపినా 11.6 లోపే. హద్దులో ఉంది.

ఇలా పొడిగించడానికి దిగుడును మించిన కారణం ఇంకొకటి ఉంది. లెక్కలో మెట్టు ఒక్క బిందువు దగ్గర ఎక్కుతుంది. నిజమైన ఉక్కులో ప్లేటు చివర ఉన్నట్టుండి తన వంతు బలం అందుకోదు. వెల్డింగ్ ద్వారా కొంత దూరం పోయాకే దానిలోకి పూర్తి బలం పాకుతుంది. అందువల్ల ప్లేటు చివర దగ్గర దూలం ఫ్లాంజిలో ఒత్తిడి ఒకచోట పోగవుతుంది. రోజూ పదుల సార్లు బరువు ఎత్తి దించే చోట అక్కడి వెల్డింగ్ పాదం నుంచి సన్నని పగులు పుడుతుంది. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని యెల్లో మిల్ పాండ్ వంతెనలో 1970లో ఇలాగే జరిగింది. కవర్ ప్లేటు చివర మొదలైన అలసట పగులు కింది ఫ్లాంజిని దాటి వెబ్‌లోకి పాకింది. ఆ తర్వాత కవర్ ప్లేట్ల చివర్లను అలసటకు అతి తేలిగ్గా లొంగే చోట్లలో ఒకటిగా ఇంజనీర్లు చూడసాగారు.

మన దూలంలో ఒకటిన్నర మీటరు దగ్గర ప్లేటు ఆపితే, అక్కడ ఉత్త దూలంలో ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 105 న్యూటన్లు. 1 మీటరు దగ్గర ఆపితే 70. ప్రతి చివరా అర మీటరు ప్లేటు పెంచినందుకు దిగుడు ఒక మిల్లీమీటరుకు కాస్త తక్కువే తగ్గింది, కానీ పగులు పుట్టే చోట ఒత్తిడి మూడో వంతు పడిపోయింది. షెడ్డు దూలం కింద నిలబడి ప్లేటు ఎక్కడ ఆగిందో చూసేటప్పుడు, నేనైతే కొలతల టేపు తీసేముందు ఆ చివర వెల్డింగ్ మీద తుప్పు గీత ఏమైనా ఉందా అని చూస్తాను. రంగు కింద నుంచి ఎర్రగా కారిన సన్నని గీత కనిపిస్తే, ఆ దూలం మీద బరువు వేలాడదీయడం ఆపించి, రంగు గీకించి, డై పరీక్షతో పగులు ఎంత దూరం పోయిందో చూడమంటాను.